బీమా క్లెయిం తిరస్కరిస్తే...

మామూలు కొనుగోళ్లలో సరుకు లోపాన్ని కొనేవాడే చూసుకోవాలి. బీమాలో అలా కుదరదు. ప్రాణానికి సంబంధించిన వివరాలన్నీ పాలసీ తీసుకునేవారికే తెలుసు, కంపెనీకి తెలియవు. అందుకే అడిగిన సంగతులు దాచకుండా చెప్పాలన్న అత్యంత విశ్వాస సూత్రం బీమా చట్టానికి పునాది అయింది. 1766లో ఇంగ్లండులో కార్టర్ వర్సెస్ బోహ్మ్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ దీన్ని స్పష్టం చేశారు. ఈ బాధ్యత కంపెనీకి కూడా ఉంటుంది.

రెండో పునాది బీమా ఆసక్తి. ఎవరి ప్రాణం పోతే తనకు నష్టమో వారి మీదే పాలసీ తీసుకోవాలి. సంబంధం లేని మనిషి ప్రాణం మీద తీసుకుంటే అది పందెం అవుతుంది, పందెపు ఒప్పందం మన దేశంలో చెల్లదు. జీవిత బీమాలో ఈ ఆసక్తి పాలసీ తీసుకున్న రోజున ఉంటే చాలు.

ఒక ఊహా సమస్య చూద్దాం. ఒక కిరాణా వ్యాపారి 2021 మార్చిలో తన పేర 20 లక్షల పాలసీ తీసుకుని భార్యను నామినీగా పెట్టాడు. ప్రపోజల్ ఫారంలో 'గత అయిదేళ్లలో వారానికి మించి చికిత్స పొందారా?' అన్న ప్రశ్నకు 'లేదు' అని ఉంది. నిజానికి నడుం నొప్పికి పదిరోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. 2023 జనవరిలో గుండెపోటుతో చనిపోయాడు. వాస్తవం దాచాడంటూ కంపెనీ ఆగస్టులో క్లెయిం తిరస్కరించింది.

ఆసక్తి విషయంలో చిక్కు లేదు. తన ప్రాణం మీద ఎవరికైనా ఆసక్తి ఉంటుంది. ఇక మిగిలింది దాచడం. 1938 బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఇక్కడ గడువు దాటలేదు కాబట్టి కంపెనీ ప్రశ్నించవచ్చు. అయితే దాచిన విషయానికి రిస్కుతో నేరుగా సంబంధం ఉండాలి. అది తెలిస్తే పాలసీ ఇచ్చేవాళ్లమే కాదని రుజువు చేయాల్సింది కంపెనీయే.

నడుం నొప్పికీ గుండెపోటుకూ పొంతన లేదు. సుల్భా ప్రకాశ్ మోతెగావ్కర్ కేసులో (2015) సుప్రీంకోర్టు ముందుకు దాదాపు ఇలాంటి వివాదమే వచ్చింది, తీర్పు కుటుంబం పక్షాన వెలువడింది. కాబట్టి వ్యాపారి భార్య వాదనకు గట్టి బలం ఉంది. దాచింది గుండె జబ్బో, వేరే కంపెనీలో తీసుకున్న మరో పాలసీయో అయితే మాత్రం ఫలితం తారుమారు కావచ్చు. మరో పాలసీని దాచిన రేఖాబెన్ రాథోడ్ కేసులో (2019) సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. ఏజెంటు ఫారం నింపాడన్న సాకు కూడా అక్కడ నిలబడలేదు, సంతకం చేసినవారే బాధ్యులు. అందుకని ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి.

మోసం లేకుండా తప్పు సమాచారం వల్ల తిరస్కరించినప్పుడు, అప్పటిదాకా కట్టిన ప్రీమియాన్ని కంపెనీ 90 రోజుల్లో తిరిగివ్వాలి. తిరస్కరణ సరికాదనుకుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఫీజు ఉండదు.