పాత హార్మోనియం అమ్మేటప్పుడు ఏం రాయాలి?

"పాత హార్మోనియం. జర్మన్ రీడ్లు. మంచి కండిషన్. అర్జెంటుగా అమ్మాలి." పాత వాద్యాల కోసం వెతికేవారికి ఈ నాలుగు ముక్కలూ కంఠతా వచ్చేసి ఉంటాయి. వీటిలో నమ్మదగ్గది మొదటిది ఒక్కటే.

గిటారు అమ్మేవారు శ్రుతి మాట ఎత్తకపోయినా పెద్ద నష్టం లేదు. తీగ వదులైతే మర తిప్పి బిగించుకుంటాం. తబలా అయినా సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దారికి తెచ్చుకోవచ్చు. హార్మోనియానికి ఆ వెసులుబాటు లేదు. దాని శ్రుతి లోపలున్న ఇత్తడి రీడ్లలోనే ఉంటుంది. మూడున్నర స్థాయిల పెట్టెకు 42 మెట్లు. బేస్, మేల్ అని రెండు వరుసలుంటే 84 రీడ్లు. శ్రుతి చేసేవాడు ఒక్కొక్క రీడు నాలుకనూ గీకాలి. కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీకేసిన లోహం మళ్లీ అతుక్కోదు. అందుకే హార్మోనియం ప్రకటనలో శ్రుతి గురించి రాసే రెండు మూడు వాక్యాలే అసలు సమాచారం. మెట్టు నొక్కితే వచ్చే స్వరమే స్వరం, వాయించేవాడు దాన్ని కదిలించలేడు. ఆ లోపం వల్లే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా ఈ పెట్టెను దూరం పెట్టింది.

శ్రుతి తప్పడం రెండు రకాలు. కొనేవారికి ఈ తేడా తెలియాలి. ఫోనులో ట్యూనర్ యాప్ తెరిచి, మధ్య స్థాయిలో ఆరు శ్రుతి మెట్టు, అంటే సా నుంచి లెక్కపెట్టి ఆరో తెల్లమెట్టు నొక్కండి. ఇప్పటి లెక్క ప్రకారం అది 440 చూపించాలి. 443 చూపించిందనుకుందాం. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, వాటిని సెంట్లు అంటారు, ఇది సుమారు పన్నెండు సెంట్లు ఎక్కువ. మిగతా మెట్లన్నీ కూడా పది పన్నెండు సెంట్లు ఎక్కువే ఉంటే ఆ పెట్టె తనలో తాను శ్రుతిగానే ఉన్నట్టు. ఇంట్లో సాధనకూ, గుళ్లో భజనకూ, పద్యానికీ దానితో ఏ ఇబ్బందీ లేదు. కీబోర్డుతోనో, శ్రుతి మార్చలేని మరో వాద్యంతోనో కలిసి వాయించాలంటేనే చిక్కు. అలా కాకుండా ఒక మెట్టు పది ఎక్కువ, దాని పక్కది పదిహేను తక్కువ ఉందంటే అది ఎక్కడికీ పనికిరాదు, శ్రుతి చేయించాల్సిందే. "శ్రుతి కొంచెం తేడా ఉంది" అన్న మాట ఈ రెంటిలో ఏదో చెప్పదు. 

రెండు వరుసలు కలిసి మోగేటప్పుడు వినాల్సింది ఇంకోటి ఉంది. మేల్ రీడు 442 దగ్గర, దాని కింది స్థాయి బేస్ రీడు సరిగ్గా 220 దగ్గర ఉంటే సెకనుకు రెండుసార్లు స్వరం అలలా లేచి పడుతుంది. కొందరు కావాలనే కాస్త అల ఉంచుతారు, నాదం నిండుగా వినిపిస్తుందని. ఒక మెట్టు మీద వేగంగా, ఇంకో మెట్టు మీద నెమ్మదిగా, మరోదాని మీద అసలు లేకుండా ఉంటే మాత్రం అది ఎవరూ కోరుకున్నది కాదు. స్టాపర్లతో వరుసలు విడదీయగలిగిన పెట్టెలో ఒక్కొక్క వరుసనూ విడిగా వాయించి చూసి రాస్తే మంచిది.

ఇక గాలి. తిత్తి బాగుందని రాసేముందు చిన్న పరీక్ష చేయొచ్చు. స్టాపర్లన్నీ మూసి తిత్తి నిండా గాలి కొట్టండి. పది సెకన్లు ఆగి, ఒక స్టాపర్ తెరిచి, గాలి కొట్టకుండా మెట్టు నొక్కండి. గట్టిగా మోగితే లోపలి గాలిసంచీ పటిష్ఠంగా ఉన్నట్టే. ఇప్పుడు స్టాపర్లు తెరిచే ఉంచి మళ్లీ నింపి, ఏ మెట్టూ తాకకుండా పది సెకన్లు ఆగండి. ఈసారి మెట్టు నొక్కితే ఊరికే ఉండిపోయిందా? అయితే గాలి పోతున్నది తిత్తిలోంచి కాదు, మెట్ల కింది తోలు గానీ రీడ్ల పలక అంచు గానీ సరిగా కూర్చోవడం లేదు. తిత్తి మార్పించడం పెద్ద ఖర్చు, మెట్ల తోలు మార్చడం దానికంటే చిన్న పని. ఒకే లక్షణానికి రెండు కారణాలు, రెండు ధరలు. "గాలి కొంచెం లీకవుతుంది" అని రాసి వదిలేసే అమ్మకందారు తనకే నష్టం చేసుకుంటున్నాడు, ఎందుకంటే కొనేవాడు ఎప్పుడూ పెద్ద ఖర్చే ఊహించుకుంటాడు.

నొక్కకుండానే మోగే మెట్టు చూసి భయపడక్కర్లేదు. వానాకాలంలో చెక్క ఉబ్బి మెట్లు ఒకదానికొకటి రాసుకోవడమో, స్ప్రింగు బలహీనపడటమో, తోలు కింద చెత్త చేరడమో కారణం. మోగని మెట్టు కూడా చాలాసార్లు రీడులో ఇరుక్కున్న దుమ్మే. భయపడాల్సింది ఇంకో దానికి. చుట్టూ ఉన్నవన్నీ బాగుండి ఒక్క మెట్టు మాత్రం హఠాత్తుగా బాగా దిగిపోయిందంటే ఆ రీడు మొదట్లో పగులు పట్టి ఉండొచ్చు. గీకి శ్రుతి చేసినా మళ్లీ దిగుతుంది, చివరికి విరుగుతుంది. మార్చాల్సిందే.

మార్చిన రీడ్లు ఎన్నో, ఎక్కడో రాయడానికి చాలామంది జంకుతారు. నిజానికి వాయించేవాళ్లు దాన్ని తప్పుపట్టరు. కొత్త రీడు గొంతు పాతవాటితో కలవకపోతే ఆ మెట్టు వేరుగా వినిపిస్తుంది, అది ముందే తెలియాలనే వాళ్ల పట్టు. "జర్మన్ రీడ్లు" అన్న మాట కూడా అంతే. పలక మీద తయారీ ముద్ర కనిపిస్తే ఫొటో పెట్టండి, లేకపోతే ఆ మాట ఎత్తొద్దు. గుజరాత్‌లోని పాలిటానా రీడ్లకూ వాయిద్యకారుల్లో మంచి పేరుంది. మీ పెట్టెలోవి అవేనని తెలిస్తే అది చెప్పుకోదగ్గ సంగతే.

ఒక పెట్టెను ఊహించుకుందాం. సంగీతం మాస్టారొకరు ఏళ్ల తరబడి వాయించి, తర్వాత అటక ఎక్కించినది. ఇంట్లోవాళ్లు దించి, దులిపి, పైన చెప్పినవన్నీ చూశారు. వాళ్లు రాయాల్సింది ఇలా ఉంటుంది:

"చేతి హార్మోనియం, 42 మెట్లు, బేస్-మేల్ రెండు వరుసలు, స్కేల్ చేంజర్ లేదు, కప్లర్ లేదు. ఆరు శ్రుతి 443 దగ్గర ఉంది. మిగతావి కూడా ఎనిమిది నుంచి పన్నెండు సెంట్లు ఎక్కువ. తార స్థాయిలో రెండో తెల్లమెట్టు మాత్రం ముప్పై సెంట్లు తక్కువ, మేల్ రీడు మార్చాల్సి రావచ్చు. మంద్రంలో ఒక నల్లమెట్టు మోగడం లేదు, లోపల చూడలేదు. స్టాపర్లు మూస్తే గాలి నిలుస్తుంది, తెరిస్తే పది సెకన్లలో పోతుంది. తిత్తి ఎడమ మూల మడత దగ్గర తోలు అతికించి ఉంది, ఎప్పుడు అతికించారో తెలియదు. చెక్కకు పురుగు లేదు. చెక్కపెట్టె ఉంది, దాని ఒక గొళ్లెం పోయింది."

దీనికి జతగా మూడు ఫొటోలు చాలు: పైపలక తీసిన లోపలి భాగం, తిత్తి పూర్తిగా తెరిచినప్పటి మడతలు, అతుకు దగ్గరగా. ఎలుకలూ పురుగులూ ముందు పట్టేది తోలునీ గుడ్డనీ కాబట్టి కొనేవాళ్ల కళ్లు మెరుగుపెట్టిన చెక్క మీద కంటే ముందు మడతల మీదే పడతాయి. తిత్తికి సెలోటేపు అంటించి ఉంటే ఫొటో కోసం పీకేయకండి, తోలు పొర కూడా లేచొస్తుంది.

వీడియో తీస్తే పాట వాయించవద్దు. చేయి తిరిగినవాళ్లు చెడ్డ మెట్టును తప్పించి వాయించేస్తారు, అలవాటు కొద్దీ. ఎడమ చివరి మెట్టు నుంచి కుడి చివరి దాకా, నల్లవీ తెల్లవీ కలిపి, ఒక్కొక్కటి మూడు సెకన్ల చొప్పున, మధ్యలో ఆపకుండా నొక్కుకుంటూ పోవాలి. రెండు నిమిషాలకు కాస్త పైన పడుతుంది.