దీపం తన వెలుగును తానే చూసుకుంటే

చీకటి పడగానే దానంతట అదే వెలిగి, తెల్లవారగానే ఆరిపోయే దీపాన్ని సైన్స్ ఫెయిర్‌లో చూడనివాళ్లు మన హాస్టళ్లలో తక్కువ. అట్ట ముక్క మీద ఒక ఎల్‌డీఆర్, ఒక ట్రాన్సిస్టర్, ఒక రిలే, ఒక చిన్న బల్బు. ఎల్‌డీఆర్‌కు చెయ్యి అడ్డం పెడితే బల్బు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. చప్పట్లు, సర్టిఫికెట్. అదే సర్క్యూట్‌ను తెచ్చి నిజమైన స్టడీ హాల్లో పెడితే ఏమవుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వెలుగు పెరిగేకొద్దీ నిరోధం తగ్గే పరికరం ఎల్‌డీఆర్. సాధారణంగా కాడ్మియం సల్ఫైడ్‌తో చేస్తారు. కారు చీకట్లో పది లక్షల ఓమ్‌ల వరకు ఉండే నిరోధం, గది వెలుగులో కొన్ని వేల ఓమ్‌లకు దిగుతుంది. ఈ మార్పును పట్టుకొని సర్క్యూట్ దీపాన్ని వెలిగిస్తుంది. అయితే తన మీద పడే వెలుగు సూర్యుడిదా, ట్యూబ్‌లైట్‌దా అన్నది ఎల్‌డీఆర్‌కు తెలియదు. సాయంత్రం హాలు మసకబారగానే దీపం వెలిగిస్తుంది. దీపం వెలుగు దాని మీదే పడుతుంది. తెల్లవారిందనుకొని ఆర్పేస్తుంది. మళ్లీ చీకటి, మళ్లీ వెలుగు. సైన్స్ ఫెయిర్‌లో ఈ చిక్కు కనపడదు. ఎందుకంటే అక్కడ మన చెయ్యి ఎల్‌డీఆర్‌ను మూసి, బల్బు వెలుగు కూడా దానికి తగలకుండా కాపాడుతుంది.

వరంగల్‌లోని ఒక హాస్టల్ స్టడీ హాలు సంగతి చెబుతాను. అక్కడ మా సీనియర్లు ఏనాడో ఒక సర్క్యూట్ బిగించారు. సెన్సర్ హాలు గోడకే, కిటికీ పక్కన ఉండేది. చాలా కాలం బాగానే పనిచేసింది. తర్వాత పాత ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీ ట్యూబులు వేశారు. వాట్లు తగ్గాయి, బల్ల మీద వెలుగు పెరిగింది, అందరూ సంతోషించారు. కానీ ఆ వారం నుంచే "అన్నా, పొద్దుగూకంగనే లైట్లు దయ్యం పట్టినట్టు కొట్టుకుంటున్నయ్" అని పదో తరగతి తమ్ముళ్లు మొర పెట్టుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి వార్డెన్ సార్ వచ్చి చూస్తే హాలు నిండా చక్కటి వెలుగు, ఏ గోలా లేదు. పిల్లలు చదువు ఎగ్గొట్టడానికి కథలు చెబుతున్నారని అనుకున్నారు. ముసురు పట్టిన ఒక రోజు మధ్యాహ్నమంతా లైట్లు టకటక కొట్టుకునేసరికి, ఆ పెట్టెను పీకి పారేయమన్నారు. పీకేస్తే మళ్లీ వాచ్‌మన్ వచ్చి స్విచ్ వేసేదాకా పుస్తకాలు మూసుకొని కూర్చోవాలి. మార్చిలో పరీక్షలు.

పెట్టె మూత లోపల సీనియర్లు మూడు అంకెలు రాసి పెట్టారు: వెలగాలి 40, ఆరాలి 230, ట్యూబుల వెలుగు 150. ఇవన్నీ సెన్సర్ ఉన్నచోట కొలిచిన లక్స్‌లు. (వెలుగు ఎంత పడుతుందో చెప్పే కొలత లక్స్. మిట్టమధ్యాహ్నం నేరుటెండలో అది లక్ష దాకా ఉంటుంది.) ఆ మూడు అంకెల్లో వాళ్ల తెలివి అంతా ఉంది.

దీన్ని మిద్దె మీది నీళ్ల ట్యాంకుతో పోల్చి చూద్దాం. మోటారు ఆన్ కావడానికి కింద ఒక గీత, ఆఫ్ కావడానికి పైన ఒక గీత ఉండాలి. ఒకే గీత ఉంటే నీళ్లు కాస్త కదిలినా మోటారు ఆగుతూ మొదలవుతూ కాలిపోతుంది. చదువుకోని మా బాపుకు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. దీపానికీ ఇలాగే రెండు గీతలు. ఎల్‌ఎం358 లాంటి ఐసీతో చేస్తే, అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు కలిపే రెసిస్టర్ ఈ ఎడాన్ని ఇస్తుంది. రెసిస్టర్ విలువ తగ్గిస్తే ఎడం పెరుగుతుంది.

అయితే ఎడం ఎంత ఉండాలి? చాలామంది ఇక్కడ ఏదో కొంచెం పెట్టి వదిలేస్తారు. లెక్క మాత్రం తేలిక. పగటి వెలుగు 40కి తగ్గినప్పుడు దీపం వెలిగితే, సెన్సర్‌కు 40కి తోడు దీపం ఇచ్చే 150 కలిసి 190 కనపడుతుంది. పై గీత 190 దాటి ఉంటేనే దీపం నిలబడుతుంది. సీనియర్లు 230 పెట్టారు. తెల్లవారి పగటి వెలుగు 80 అయినప్పుడు మొత్తం 230 అవుతుంది, దీపం ఆరుతుంది. ఆరాక మిగిలేది 80, అది 40కి పైన ఉంది కాబట్టి మళ్లీ వెలగదు. అంటే పగటి లెక్కలో 40కి వెలిగి 80కి ఆరుతున్నట్టు. మనకు కావలసింది కూడా ఇదే.

ఇప్పుడు కొత్త ట్యూబులు వచ్చాయి. రాత్రి పూర్తిగా చీకటి పడ్డాక కొలిస్తే సెన్సర్ దగ్గర వాటి వెలుగు 220 ఉంది. 40కి 220 కలిపితే 260. ఇది 230కి పైన. వెలగడం, వెంటనే ఆరడం. ఈ ఆట పగటి వెలుగు 40 నుంచి 10కి తగ్గేదాకా సాగుతుంది. 10 కంటే తగ్గితే మొత్తం 230కి లోపలే ఉంటుంది, దీపం స్థిరపడుతుంది. మన ప్రాంతంలో మునిమాపు త్వరగా చీకటి పడుతుంది కనుక రోజూ ఆ గోల కొద్ది నిమిషాలే. వార్డెన్ సార్‌కు ఎనిమిదింటికి ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే. ముసురు రోజున హాల్లో వెలుగు ఆ 10కీ 40కీ మధ్యనే గంటల తరబడి ఉండిపోయింది. పిల్లలు చెప్పింది అక్షరాలా నిజం.

అప్పటికప్పుడు చేసింది పై గీతను 300కు జరపడం. 220కి 80 కలిపితే 300. గోల ఆగింది. కానీ రేపు రెండు ట్యూబులు పోతే దీపాల వెలుగు తగ్గుతుంది, అప్పుడు పొద్దెక్కినా లైట్లు ఆరవు. ఇంకా ప్రకాశవంతమైనవి వేస్తే మళ్లీ పాత కథే. దీపం మారినప్పుడల్లా గీత మార్చాల్సి రావడం ఈ పద్ధతికి ఉన్న లోపం.

ఇలాంటి చోట కొందరు టైమర్ పెట్టమని సలహా ఇస్తారు. ఐదు నిమిషాలు వెలుగు నిలకడగా ఉంటేనే ఆర్పమని అన్నమాట. మెరుపులకు, కిటికీలోంచి పడే లారీ హెడ్‌లైట్లకు అది మంచి మందే. ఈ రోగానికి మాత్రం కాదు. సెకనుకోసారి కొట్టుకునే దీపం ఐదు నిమిషాలకోసారి కొట్టుకుంటుంది, అంతే. పైగా అప్పుడు కారణం కనిపెట్టడం ఇంకా కష్టం. గడియారం పట్టుకొని చూడండి. సరిగ్గా ఒకే వ్యవధిలో వెలిగి ఆరుతుంటే అది దీపం తనను తాను చూసుకోవడమే. మబ్బులతో పాటు అడ్డదిడ్డంగా మారుతుంటే గీతల మధ్య ఎడం చాలలేదని అర్థం.

ఇంకో పరీక్ష. లైట్లు కొట్టుకుంటున్నప్పుడు సెన్సర్ మీద దళసరి నల్లగుడ్డ కప్పండి. దీపం వెలిగి కదలకుండా ఉంటే తప్పు వెలుగుది. గుడ్డ కప్పినా రిలే కొట్టుకుంటూనే ఉంటే తప్పు వైరుదో, పవర్ సప్లైదో. రిలే లాగినప్పుడు సప్లై వోల్టేజి పడిపోయినా ఇలాగే జరుగుతుంది. గుడ్డ కప్పడం మీ పని, 230 వోల్టుల వైపు విప్పడం ఎలక్ట్రీషియన్ పని.

అసలు మందు సెన్సర్ చోటు మార్చడం. వీధి దీపాల్లో ఫోటోసెల్ ఉన్నవి గమనించండి. అది దీపం పైభాగాన ఆకాశం వైపు ఉంటుంది, వెలుగు కిందికి పోతుంది. మేమూ అదే చేశాం. జానెడు పీవీసీ పైపు ముక్కకు లోపల నల్లరంగు పూసి, అడుగున సెన్సర్ పెట్టి, కిటికీ బయట ఉత్తరపు ఆకాశం వైపు వాలుగా బిగించాం. వాన నీళ్లు ఆగకుండా మూతికి గాజు పలక అతికించాం. రాత్రి హాల్లో అన్ని లైట్లూ వేసి ఆర్పి చూస్తే తేడా 6 లక్స్ మాత్రమే. అయితే బయటి వెలుగు ఎక్కువ కాబట్టి పాత గీతలు పనికిరావు. ఒక సాయంత్రం ఇద్దరం కూర్చొని హాల్లో ఒకరు, పైపు దగ్గర ఒకరు ఒకేసారి కొలిచాం. హాల్లో 80 ఉన్నప్పుడు పైపులో 1200, హాల్లో 40 ఉన్నప్పుడు 600. కనుక కొత్త గీతలు 600, 1200. వాటి ముందు 6 లెక్కలోకి రాదు. ఇక ఏ ట్యూబులు వేసినా బాధ లేదు.

దీనికీ ఒక లోపం ఉంది. చలికి కిటికీ తలుపులు మూస్తే హాలు చీకటైపోతుంది, బయటి సెన్సర్‌కు ఆ సంగతి తెలియదు. అందుకే పక్కన మామూలు స్విచ్ ఒకటి తప్పక ఉండాలి.

సెన్సర్ గదిలోనే ఉండక తప్పని చోట దీపం వెలుగును లెక్కలో తీసివేయవచ్చు. వెలిగించే ముందు ఒకసారి, వెలిగాక ఒకసారి కొలిస్తే, తేడాయే దీపం వాటా. ఆర్డుయినోలో ముఖ్యమైన వరుసలు ఇవే:

```
float before = lightMeter.readLightLevel();
digitalWrite(LAMP, HIGH);
delay(3000);
float own = lightMeter.readLightLevel() - before;
```

ఆ తర్వాత ప్రతిసారీ:

```
float day = lightMeter.readLightLevel() - own;
if (day > 80) digitalWrite(LAMP, LOW);
```

ఇలా చేస్తే ట్యూబులు మారినా ప్రతి సాయంత్రం కొత్తగా నేర్చుకుంటుంది. కానీ ఇందుకు బీహెచ్1750 లాంటి లక్స్ చెప్పే సెన్సరే వాడాలి. ఎల్‌డీఆర్ నుంచి వచ్చే వోల్టేజి వెలుగుకు సరిసమానంగా పెరగదు. కనుక అందులోంచి ఇది తీసేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. పాత ఫ్లోరసెంట్ ట్యూబులు పూర్తి వెలుగుకు రావడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, వాటికి మూడు సెకన్లు చాలవు. సెన్సర్ పక్కనే ఎవరైనా టేబుల్ ల్యాంప్ వేస్తే ఈ లెక్క కూడా మోసపోతుంది.

మన హాస్టళ్లలో మోటారు కర్టెన్లు ఎక్కడివి అంటారా? రేపు ఏ ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో బిగించే పని మీకే రావచ్చు. అక్కడా ఇదే తంటా, కాకపోతే తిరగేసి ఉంటుంది. ఎండ ఎక్కువైందని కర్టెన్ మూసుకుంటే, గదిలోని సెన్సర్‌కు వెలుగు తగ్గుతుంది, మళ్లీ తెరుస్తుంది. దీపం వెలుగును కలుపుతుంది, కర్టెన్ వెలుగును భాగిస్తుంది. అందులో అయిదో వంతు వెలుగే దూరుతుందనుకుందాం. 2000 దగ్గర మూస్తే వెంటనే 400 కనపడుతుంది. తెరిచే గీత 500 అని పెడితే కర్టెన్ అటూ ఇటూ పరుగులే. ఎండ సగానికి తగ్గినప్పుడు తెరవాలంటే గీత 200 దగ్గర ఉండాలి. సెన్సర్‌ను కర్టెన్‌కూ కిటికీ అద్దానికీ మధ్య, బయటి వైపు తిప్పి పెడితే ఈ లెక్కే అక్కర్లేదు.

వరండా లైట్లకైతే నా ఉద్దేశంలో సెన్సర్ కంటే గడియారమే మేలు. వరంగల్‌లో పొద్దు గూకడం నవంబరు చివర సుమారు 5:35కి, జులై మొదట్లో సుమారు 6:50కి. తేదీని బట్టి ఈ వేళ లెక్కగట్టే టైమర్లు ఉన్నాయి. వాటికి ఏ వెలుగూ కనపడదు గనుక మోసపోవు. ముసురు మధ్యాహ్నం మాత్రం వాటికి తెలియదు, అందుకే స్టడీ హాలుకు పనికిరావు.

పైపు బిగించిన రెండో నెలలో పట్టపగలు లైట్లు వెలిగాయి. చూస్తే గాజు పలక మీద సాలీడు గూడు, దాని మీద దుమ్ము. తుడిచాక ఆరిపోయాయి. నెలకోసారి ఆ గాజు తుడిచే పని ఇప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లది.