గ్రూప్ ఫొటోలో ముఖం మార్చడం ఎంతవరకు?

మండపం మీద తీసిన గ్రూప్ ఫొటోలో అమ్మమ్మగారి కళ్లు మూసుకుపోయాయన్నారు. అది సరిచేస్తాను. అదే చోట, అదే లైటులో వెంటనే తీసిన మరో ఫొటోలో ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చి, ఆ ముఖాన్ని మాత్రం ఇందులోకి తెస్తాను. చెవి, మెడ దగ్గర అంచులు కలిశాయో లేదో పెద్దది చేసి చూస్తాను.

బావగారి సంగతి వేరు. ప్రతి ఫొటోలోనూ ఆయన ముఖం సగం పక్కాయన తలపాగా వెనకే ఉంది. విందులో తీసిన ముఖం అతికిద్దామంటే, ఇక్కడ వెలుగు ఎడమవైపు నుంచి, అక్కడ నడినెత్తి మీద నుంచి పడింది. ముక్కు నీడ చూడగానే అతుకు తెలిసిపోతుంది. కనబడని సగాన్ని కంప్యూటరుతో గీయించవచ్చు గానీ అది ఆయన ముఖం కాదు. ఆల్బమ్‌లో దీని పక్కనే ఆయన విడి ఫొటో పెట్టమంటారా?