గీతల మధ్య ఎడం

గ్రాఫు బొమ్మ పెట్టి, దాని వెనక ‘భారతదేశ అక్షరాస్యత గ్రాఫు’ అని రాసి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. చూపులేని పాఠకుడి ఫోన్‌లో స్క్రీన్ రీడర్ ఆ మూడు మాటలూ చదివి ముందుకు సాగిపోతుంది. అక్కడో గ్రాఫు ఉందని ఆయనకు తెలుస్తుంది, అదేం చెబుతోందో తెలియదు. అసలేమీ రాయకపోతే ఒక్కోసారి అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఫైలు పేరు వినాల్సి వస్తుంది.

బొమ్మ వెనక కంటికి కనపడకుండా ఉండే ఈ వర్ణనే ఆల్ట్ టెక్స్ట్. బొమ్మ కింద అందరికీ కనపడేది క్యాప్షన్. వినే మనిషికి రెండూ వినిపిస్తాయి కాబట్టి ఒకటే విషయం రెండుచోట్లా రాస్తే విసుగు.

1951 నుంచి 2011 దాకా జనగణన లెక్కలతో గీసిన గ్రాఫు ఒకటి తీసుకుందాం. మగవారి అక్షరాస్యతకు నీలం గీత, ఆడవారిదానికి ఎరుపు గీత. ‘నీలం గీత పైన, ఎర్ర గీత కింద, రెండూ పైకి పోతున్నాయి’ అని రాస్తే అబద్ధం కాదు గానీ, రంగులతో ఆయనకేం పని? పోనీ ఏడు జనగణనల పద్నాలుగు అంకెలూ వరసగా అప్పజెబితే, ఆఖరిది వినేసరికి మొదటిది మరపున పడుతుంది.

రెండూ పెరిగాయన్నది ఎవరైనా ఊహించేదే. చూడాల్సింది గీతల మధ్య ఎడాన్ని. 1951లో మగవారిలో 27.16 శాతం, ఆడవారిలో 8.86 శాతం అక్షరాస్యులు, తేడా 18.3. 1981 నాటికి అది 26.6 అయింది. 2011లో 80.9, 64.6, తేడా 16.3. అంటే ఎడం మొదట పెరిగి, తర్వాత తగ్గి, అరవై ఏళ్లకు మొదలైన చోటికి కాస్త ఇవతలకు వచ్చింది. గ్రాఫు చెప్పే కబురు ఇదే. ఆల్ట్ టెక్స్ట్ ఇలా ఉండొచ్చు:

```
alt="గీతల గ్రాఫు. స్త్రీ పురుషుల అక్షరాస్యత తేడా 1951లో 18 పాయింట్లు; 1981కి 27కు పెరిగి, 2011కి 16కు తగ్గింది. ఇద్దరి అక్షరాస్యతా పెరుగుతూనే ఉంది."
```

‘ఈ బొమ్మలో’ అని మొదలుపెట్టనక్కర్లేదు, బొమ్మ అని స్క్రీన్ రీడరే చెబుతుంది.

క్యాప్షన్‌లో మిగతాది: ‘మగవారిలో 27 నుంచి 81 శాతానికి, ఆడవారిలో 9 నుంచి 65 శాతానికి. 1971 వరకు ఐదేళ్లు, 1981 నుంచి ఏడేళ్లు, ఆపై వయసువారి లెక్క. ఆధారం: జనగణన.’ వయసు మాట వదిలేయకూడదు. కొలత మారిందని చూపున్న పాఠకుడికీ గీతలు చెప్పవు. 1981 శాతాలను కూడా 56, 30 అని గుండుగా రాశామా, తీసివేస్తే 26 వస్తుంది. ఆల్ట్‌లోనేమో 27 అన్నాం. చెవితో చదివేవారు ఇలాంటి తిరకాసు ఇట్టే పట్టేస్తారు. అన్ని అంకెలూ కావాలంటే కింద పట్టిక పెట్టాలి. అందులో ఒక్కో గడికి వెళ్లి ఆగి వినవచ్చు. ఆల్ట్ టెక్స్ట్‌లో ఆ వీలు అంతగా ఉండదు.

రాశాక ఎవరికైనా ఫోన్ చేసి, గ్రాఫు చూపకుండా చదివి వినిపించండి. ఏం అర్థమైందో అడగండి. ‘చదువుకున్నవాళ్లు పెరిగారట’ అని మాత్రమే అంటే మళ్లీ రాయండి.