ఎదుటివారి మాట రాసుకున్నాకే జవాబు

చాలా హైస్కూళ్లలో డిబేట్ అంటే జరిగేది ఒకటే. అనుకూలంగా ముగ్గురు, వ్యతిరేకంగా ముగ్గురు నిలబడి, ఇంటి దగ్గర బట్టీ పట్టిన ప్రసంగాలు ఒకరి తర్వాత ఒకరు అప్పజెబుతారు. నాలుగో అబ్బాయి ఏమన్నాడో ఐదో అమ్మాయి వినదు, ఎందుకంటే తన ప్రసంగంలో తర్వాతి వాక్యం మరిచిపోకుండా ఉండటానికే ఆమె ధ్యాసంతా సరిపోతుంది. ఆరు ప్రసంగాలూ బాగానే ఉండొచ్చు. కానీ ఒకరి మాట మరొకరి మాటను ఎక్కడా తాకదు కనుక అక్కడ వాదం జరగలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ విద్యను రెండు పీరియడ్లలో నేర్పొచ్చు. మొదటి పీరియడ్ పాఠానికి, రెండోది సాధనకు. అంశం వాళ్ల రోజువారీ జీవితంలోంచి తీసుకుంటే మేలు. ‘విద్యార్థులు బడికి సెల్‌ఫోన్ తేవడాన్ని నిషేధించాలి’ అన్న తీర్మానాన్నే చూద్దాం. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇలాంటి నిషేధమే పెట్టింది. ఫ్రాన్స్ 2018లో చట్టమే చేసింది. కాబట్టి ఇది ఊహల మీద నడిచే చర్చ కాదు, రెండు పక్షాలకూ వెతికితే సరుకు దొరుకుతుంది.

పాఠం ఒక చిన్న పరీక్షతో మొదలవుతుంది. ‘సెల్‌ఫోన్లు పిల్లల్ని పాడుచేస్తున్నాయి’ అని ఎవరో అంటారు. ఏ పిల్లల్ని, ఏ విషయంలో, ఎలా పాడుచేస్తున్నాయని టీచరు అడిగితే ఆ మాట చేతికి చిక్కదు. అదే మాటను ‘బడిలో ఫోన్ లేకపోతే చదువులో వెనకబడిన పిల్లల మార్కులు పెరుగుతాయి’ అని మార్చి చెబితే అది నిజమో కాదో చూడటానికి వీలుంటుంది. వాదనలో మొదటి భాగమైన ప్రతిపాదన ఇలా ఉండాలి. దాని వెంట కారణం రావాలి: టీచరు చెప్పేది వినడం ఎవరికి ఎక్కువ అవసరమో, ధ్యాస చెదిరితే వాళ్లకే ఎక్కువ నష్టం. ఆ తర్వాత ఆధారం. పిల్లలు తరచూ ప్రతిపాదన నుంచి నేరుగా ఆధారానికి దూకి, మధ్యలో కారణం చెప్పడం మరిచిపోతారు. అప్పుడు ఆ అంకె అక్కడ ఎందుకున్నదో వినేవారికి అర్థం కాదు.

ఇక ఆధారం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ తరఫున లూయీ ఫిలిప్ బెలాండ్, రిచర్డ్ మర్ఫీ అనే ఆర్థికవేత్తలు 2015లో ఒక అధ్యయనం వెలువరించారు. ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాల్లో 91 బడులను తీసుకుని, ఫోన్లు నిషేధించక ముందు, నిషేధించిన తర్వాత పరీక్షా ఫలితాలు ఎలా ఉన్నాయో పోల్చారు. నిషేధం తర్వాత ఫలితాలు కొంత మెరుగయ్యాయి. ఆ మేలు బడి ఏడాదికి ఐదు రోజులు కలిపినంత అని వాళ్లు లెక్కగట్టారు. బాగా చదివే పిల్లల్లో మాత్రం తేడా కనిపించలేదు, వెనకబడినవారికే ఎక్కువ లాభం దక్కింది. అనుకూల పక్షం ఈ ఐదు వాక్యాలూ చెబితే చాలు. ‘పరిశోధనలు చెబుతున్నాయి’ అని వదిలేస్తే చాలదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందిని చూసి చెప్పారన్నది లేని పరిశోధన తరగతి గదిలో పుకారుతో సమానం.

ఇప్పుడు వ్యతిరేక పక్షం లేవాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది. ఎక్కువమంది పిల్లలు జవాబు చెప్పడమంటే తమ సొంత ప్రసంగం మొదలుపెట్టడమే అనుకుంటారు. మన శాస్త్రకారులు ముందుగా పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని వివరించి, ఆ తర్వాతే దాన్ని ఖండించేవారు. బడిలో ఆ పద్ధతిని నాలుగు మాటల్లో పట్టుకోవచ్చు: ‘వాళ్లు అన్నది... మేం అనేది... ఎందుకంటే... కాబట్టి...’ ఈ నాలుగూ బోర్డు మీద రాసి, సాధన అయ్యేదాకా చెరపకుండా ఉంచాలి.

ఈ పద్ధతిలో ఒక జవాబు ఇలా ఉంటుంది. ‘ఫోన్లు నిషేధిస్తే వెనకబడిన పిల్లల మార్కులు పెరుగుతాయని వాళ్లు ఇంగ్లండ్ అధ్యయనం చూపించారు. ఆ ఫలితం అన్నిచోట్లా వస్తుందని చెప్పలేమని మేం అంటున్నాం. ఎందుకంటే స్వీడన్ హైస్కూళ్లలో ఇదే ప్రశ్న పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మార్కుల మీద నిషేధం ప్రభావం కనిపించలేదు. కాబట్టి మార్కుల పేరుతో అన్ని బడుల్లోనూ నిషేధం పెట్టడానికి ఈ ఒక్క ఆధారం సరిపోదు.’ ఇంగ్లండ్ అధ్యయనం అబద్ధమని ఆ విద్యార్థిని అనలేదు. అలా అనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు కూడా. ఆ ఆధారం ఎంతవరకు పనికొస్తుందో గీత గీసి చూపించింది. మంచి ఖండన ఎక్కువసార్లు ఇలాగే ఉంటుంది.

అనుకూల పక్షానికి ఇంకా దారి ఉంది. ‘స్వీడన్‌లో మేలు కనిపించలేదన్నారే గానీ నష్టం జరిగిందని అనలేదు. ఒకచోట మేలు, మరోచోట తేడా లేదు అంటే నిషేధం వైపే మొగ్గు’ అనొచ్చు. అప్పుడు అవతలివారు నష్టం ఏమిటో చూపాలి: దూరపు ఊళ్ల నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, బస్సు రాకపోతే ఇంటికి ఎలా కబురు చేస్తుంది? దీనికి ‘ఫోన్ ఉదయం ఆఫీసులో ఇచ్చి సాయంత్రం తీసుకోవచ్చు’ అని జవాబొస్తే టీచరు చెవులు నిక్కబొడుచుకోవాలి. తీర్మానం ‘తేవడాన్ని నిషేధించాలి’ అంటోంది. తెచ్చి ఆఫీసులో ఇవ్వొచ్చు అన్నారంటే ఆ పక్షం తమ తీర్మానాన్నే సగం వదులుకున్నట్టు. ఈ సంగతి వ్యతిరేక పక్షం పట్టుకుంటుందా లేదా అన్న చోటే చర్చ గెలుపోటములు తేలిపోవచ్చు.

పట్టుకోవాలంటే రాసుకోవాలి. రెండో పీరియడ్‌లో ప్రతి విద్యార్థి తెల్లకాగితాన్ని నిలువుగా నాలుగు గడులు చేస్తాడు. మొదటి గడిలో అనుకూల పక్షం వాదనలు, రెండో దానిలో వాటికి వ్యతిరేక పక్షం చెప్పిన జవాబులు, మూడో దానిలో ఆ జవాబులకు జవాబులు, నాలుగో దానిలో ముగింపు. ఒక వాదనకు వచ్చిన జవాబులన్నీ ఒకే వరుసలో పక్కపక్కన పడాలి. వ్యతిరేక పక్షం సొంతంగా తెచ్చే వాదన రెండో గడిలో కొత్త వరుసగా మొదలవుతుంది. పూర్తి వాక్యాలు అక్కర్లేదు, ‘ఇంగ్లండ్ 91 బడులు’ అని రాసుకున్నా చాలు.

మొదటి వక్తలు తలా 2 నిమిషాలు మాట్లాడాక 2 నిమిషాలు విరామం. ఈ విరామాన్ని కుదించకూడదు, ఖండన తయారయ్యేది అప్పుడే. తర్వాత రెండో వక్తలకు తలా 2 నిమిషాలు, జవాబులకు మాత్రమే. కొత్త వాదన ఎత్తితే టీచరు ఆపుతారు. ఆ తర్వాత 4 నిమిషాలు రెండు పక్షాలూ పరస్పరం ప్రశ్నలు వేసుకుంటాయి. చివరికి మూడో వక్తలు తలా 2 నిమిషాల్లో, తేలిన విషయమేదో తేలనిదేదో చెబుతారు. అంతా కలిపి 18 నిమిషాలు. మిగిలిన సమయం కాగితాలు చదవడానికి.

తీర్పు చెప్పేది వింటున్న పిల్లలే. ఎవరు గట్టిగా మాట్లాడారు, ఎవరికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి అన్నవి లెక్కలోకి రావు. తమ కాగితంలో ఏ వరుస ఖాళీగా ఆగిపోయిందో వాళ్లు చూస్తారు. జవాబు రాని వాదన, ఆ పక్షం ఖాతాలో నిలిచినట్టే. మొదటిసారి చాలా కాగితాల్లో మూడో గడి దాదాపు ఖాళీగా ఉంటుంది. దానికి కారణాలు రెండు: ఎదుటివారు అనని మాటకు జవాబు చెప్పడం, లేదా ‘నువ్వు కూడా ఫోన్ తెస్తావుగా’ అంటూ మనిషి మీదికి వెళ్లడం. రెండూ ఏ వరుసలోనూ ఇమడవు కాబట్టి వాటిని తప్పని టీచరు వేరే చెప్పాల్సిన పని ఉండదు. ‘మా వీధిలో ఒకబ్బాయి ఫోన్ వల్ల ఫెయిలయ్యాడు’ లాంటివి మాత్రం గడిలో పడతాయి, వాటి పక్కన ‘ఒక్కడే’ అని రాయడం పిల్లలు త్వరలోనే నేర్చుకుంటారు.

మరుసటి వారం ఇదే తీర్మానం, ఇవే కాగితాలు. పక్షాలు మాత్రం తారుమారు. నిషేధం కావాలన్న అమ్మాయి ఈసారి వద్దని వాదించాలి, పోయినసారి తన వాదనలకు జవాబు దొరకని వరుసలను ఇప్పుడు తానే నింపాలి.