చంద్రుడు నవ్విన చోట మనం నవ్వొద్దు

వినాయక చవితి నాడు మన ఇళ్లలో అక్షతలు చేత పట్టుకుని వినే కథను మలుపు తిప్పేది ఒక నవ్వు. కుడుములు, ఉండ్రాళ్లు కడుపారా తిన్న వినాయకుడు కైలాసానికి వెళ్లి తల్లిదండ్రులకు వంగి నమస్కరించబోతే పొట్ట అడ్డొచ్చింది. శివుడి తల మీదున్న చంద్రుడు అది చూసి నవ్వాడు. పార్వతి శపించింది. చవితి చంద్రుణ్ణి చూసినందుకు శ్రీకృష్ణుడంతటివాడు శమంతకమణి కోసం నీలాపనింద మోయాల్సి వచ్చింది.

ఏటా ఆ కథ వింటూనే ఉంటాం. అయినా చవితి రాగానే వినాయకుడి పొట్ట మీద జోకులతో దుకాణాల పోస్టర్లు ఫోన్లలో తిరుగుతాయి. వాటిని తయారుచేసేవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. నలుగుర్నీ నవ్వించి నాలుగు స్వీట్లు అమ్ముకుందామనే అనుకుంటారు. నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకోకపోవడమే వాళ్లు చేసే తప్పు.

పండగలో నవ్వుకు కొదవ లేదు. సంక్రాంతికి దొరకని బస్సు టికెట్లు, కొత్త అల్లుడి మర్యాదలు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు నాలుకకు తగిలినప్పటి ముఖం, బతుకమ్మ కోసం తంగేడు పువ్వు వెతుక్కుంటూ తిరగడం, ఇవన్నీ మనుషుల హడావిడి. దాని మీద ఎంత నవ్వినా ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే నవ్వేవాళ్లూ అందులోనే ఉంటారు. పూజ, ఉపవాసం, నైవేద్యం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవాలి. దేవుడి రూపం దగ్గర పూర్తిగా ఆగిపోవాలి.

2017లో దుర్గాపూజ ముందు కోల్‌కతాలో వచ్చిన ఒక ప్రకటన ఈ గీత ఎక్కడుందో చూపించింది. దుర్గమ్మ తన పిల్లలతో సహా జావేద్ హబీబ్ సెలూన్‌లో ముస్తాబవుతున్నట్టు బొమ్మ వేసి, దేవుళ్లు కూడా మా దగ్గరికే వస్తారని రాశారు. బెంగాల్‌లో దుర్గ పిల్లలతో పుట్టింటికి వచ్చే ఆడపడుచు, కాబట్టి ఆమెతో చనువు అక్కడివాళ్లకు కొత్త కాదు. అయినా నిరసనలు వచ్చాయి, మన హైదరాబాద్‌లోనూ పోలీసులకు ఫిర్యాదు అందింది. హబీబ్ క్షమాపణ చెప్పుకున్నారు.

ఆ చనువు మనకూ ఉంది. కష్టంలో రామదాసు రాముణ్ణే నిలదీశాడు. నిందాస్తుతి మన సాహిత్యంలో ఒక పద్ధతి. కానీ అది నమ్ముకున్నవాడు తన దేవుడితో ఆడిన మాట. అదే మాట క్షవరానికో లడ్డూకో ధర చీటీ పక్కన కనిపిస్తే, భక్తుడికి అందులో చనువు కనిపించదు, తన దేవుణ్ణి బేరానికి పెట్టినట్టు కనిపిస్తుంది.

అదే ఏడాది, చవితి అయిన కొద్దిరోజులకే, ఆస్ట్రేలియాలో గొర్రెమాంసం ప్రకటనలో రకరకాల మతాల దేవుళ్లతో పాటు వినాయకుణ్ణీ విందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అన్ని మతాలవాళ్లూ కలిసి తినే మాంసమని చెప్పడం వాళ్ల ఉద్దేశం. అక్కడి హిందువులు భగ్గుమన్నారు, భారత దౌత్య కార్యాలయం అభ్యంతరం తెలిపింది. మాంసం సంగతి వచ్చింది కాబట్టి పండగకీ పండగకీ ఉన్న తేడా తెలుసుకోవాలి. కనుమకు, బోనాలకు మాంసం వంటతో సరదా చేస్తే ఎవరూ ఏమీ అనరు. తెలంగాణలో చాలా ఇళ్లలో దసరా అంటేనే మాంసం. అవే రోజుల్లో నవరాత్రి దీక్షలో ఉన్న ఇల్లు ఉల్లిపాయ కూడా ముట్టదు. దసరాకి మటన్ ధమాకా అని రాసేటప్పుడు అది ఏ ఊరివాళ్ల కళ్లబడుతుందో ఆలోచించాలి.

పండగలన్నీ సంబరాలు కావన్నదీ గుర్తుంచుకోవాలి. గుడ్ ఫ్రైడే ఏసు శిలువ మీద మరణించిన రోజు. దానికి హ్యాపీ చేర్చి శుభాకాంక్షలు పంపితే క్రైస్తవులకు గుచ్చుకుంటుంది. మొహర్రంలో షియాలు కర్బలాను తలుచుకుని విలపిస్తారు. ఆ రోజుల్లో జోకుకే చోటు లేదు. రంజాన్ సాయంత్రం హలీం కోసం నిలబడ్డ క్యూ మీద హైదరాబాద్ అంతా కలిసి నవ్వుతుంది. పగలంతా మంచినీళ్లు కూడా ముట్టనివాళ్ల ఆకలి మీద మాత్రం నవ్వకూడదు.

ఇప్పుడు ఒక పోస్టును దగ్గర పెట్టుకుని చూద్దాం. ఒక చిన్న మిఠాయి దుకాణం చవితికి పోస్టర్ వేస్తోందనుకోండి. మొదటి ఆలోచన: వినాయకుడు బరువు తూచే యంత్రం మీద నిలబడి, ‘డైట్ రేపట్నించి’ అంటున్నాడు. ఇది చంద్రుడి నవ్వే. తీసేయాలి.

రెండో ఆలోచన: దేవుడి బొమ్మ తీసేసి, ‘ఇరవై ఒక్క ఉండ్రాళ్లు చేశాం, నైవేద్యం వేళకి పద్దెనిమిదే ఉన్నాయి, ఇంట్లో రెండు కాళ్ల ఎలుక ఉంది’ అని రాశారు. పిల్లలు నవ్వుతారు. కానీ నైవేద్యం పెట్టకముందే తిన్నారంటే ఎంగిలైందని నాయనమ్మ ముఖం చిట్లిస్తుంది. పండగ మిఠాయి కొనేది ఆవిడ మాట మీదే.

మూడోది: పళ్లెం నిండా ఉండ్రాళ్లు, వాటి మీదే చూపు నిలిపిన ఓ పిల్లాడు, చేతిలో అక్షతలు. కింద ఒక్క మాట: ‘తాతయ్యా, శమంతకమణి ఇంకా దొరకలేదా?’ ఇప్పుడు నైవేద్యం చెక్కుచెదరలేదు, కథకు మర్యాద తగ్గలేదు. కథ త్వరగా అయిపోవాలని చిన్నప్పుడు మనం పడ్డ తొందరే ఆ పిల్లాడిలో కనిపిస్తుంది. వ్రతకథ తెలిసినవాళ్లకే ఈ జోకు అందుతుంది, అందుకే అది వాళ్లకు సొంతమనిపిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. ఫోన్లో ముందు కళ్లబడేది బొమ్మ. కింద ఎంత భక్తిగా రాసినా, ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపితే బొమ్మ ఒక్కటే ఊరంతా తిరుగుతుంది. మాట లేకుండా బొమ్మ ఒక్కటే చూసినా ఎవరికీ నొప్పి కలగదనుకుంటేనే దాన్ని పెట్టాలి.

చట్టం ఉద్దేశాన్ని చూస్తుంది. 2013లో ఒక పత్రిక ముఖచిత్రం మీద ధోనీని విష్ణువులా చూపించి, చేతుల్లో రకరకాల వస్తువులు పెట్టారు, వాటిలో బూటు కూడా ఉంది. అనంతపురం కోర్టులో కేసు నడిచి, 2016లో ఆయనకు నాన్ బెయిలబుల్ వారెంట్ కూడా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కావాలని, దురుద్దేశంతో చేసిన అవమానమే నేరం, తెలియకో అజాగ్రత్తగానో జరిగింది కాదని చెప్పింది. అప్పటి 295ఎ సెక్షనే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. అయితే ఆ తీర్పు వచ్చేసరికి ముఖచిత్రం వచ్చి నాలుగేళ్లయింది. చిన్న దుకాణదారుడు అన్నేళ్లు కోర్టు చుట్టూ తిరగలేడు.

పొరపాటు జరిగితే పోస్టు వెంటనే తీసేసి, ‘తప్పు చేశాం, క్షమించండి’ అనాలి. ‘ఎవరైనా బాధపడి ఉంటే’ అని మొదలుపెడితే, తప్పు బాధపడ్డవాళ్లదే అన్నట్టు వినిపిస్తుంది. కామెంట్లలో వాదనకు దిగితే మరో పదిమంది చేరతారు.

ఈసారి పండగ పోస్టు పెట్టేముందు, ఆ పండగ నిష్ఠగా చేసుకునే ఒక పెద్దావిడకు దాన్ని చూపించండి. మీది కాని మతం పండగైతే ఆ మతం వాళ్లింటికే తీసుకెళ్లి చూపించండి. వాళ్లు మీతో పాటు నవ్వితే పెట్టండి. ‘ఎందుకు నాయనా ఇది’ అంటే మాత్రం ఇంకేం అడక్కుండా తీసేయండి.