అమ్మీటరు అని రాస్తే సరిపోదు

గురుకులాల్లోనూ మోడల్ స్కూళ్లలోనూ ల్యాబ్ సామాను కావాలంటే సైన్సు టీచరు ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసి, దానికి పట్టిక జతచేస్తారు. దీన్నే ఇండెంట్ అంటుంటారు. ఉత్తరం అర పేజీ ఉంటే చాలు. అసలు పనంతా పట్టికదే. ప్రిన్సిపాల్ సంతకం పెట్టేదీ, దుకాణదారు ధర చెప్పేదీ, రేపు ఆడిట్‌కు వచ్చినవారు చూసేదీ దాన్నే.

పదో తరగతిలో ఓం నియమం ప్రయోగం సంగతే చూద్దాం. క్లాసులో 40 మంది పిల్లలు. నలుగురికో సెట్టు చొప్పున 10 సెట్లు కావాలి. మీటర్లు పిల్లల చేతుల్లో దెబ్బతింటాయి కనుక ఒకటి అదనంగా, అంటే 11. ఇప్పుడు స్టాకు రిజిస్టరు తెరిస్తే అందులో అమ్మీటర్లు ఆరు ఉన్నాయి. బీరువా తెరిచి ఒక్కొక్కటీ సెల్‌కు, నిరోధానికి కలిపి చూస్తే రెండింటి ముల్లు కదల్లేదు. పనిచేసేవి నాలుగే కాబట్టి కొనాల్సినవి ఏడు. ఈ తేడాను ఉత్తరంలో చెప్పకపోతే, రిజిస్టరు చూసిన ప్రిన్సిపాల్ “ఆరున్నాయి కదా, ఏడెందుకు?” అని ఫైలు వెనక్కి పంపడం ఖాయం. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాబట్టి ఉత్తరం ఇలా ఉండాలి:

“గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, పదో తరగతి విద్యార్థులు 40 మందితో ఓం నియమం ప్రయోగం 10 బృందాలుగా చేయించడానికి కావలసిన పరికరాల పట్టిక జతచేస్తున్నాను. రిజిస్టరులోని 6 అమ్మీటర్లలో 2 పనిచేయడం లేదు. వాటిని తొలగించడానికి విడిగా లేఖ ఇస్తున్నాను. ధరలు పన్నులతో కలిపి వేసిన అంచనాలు. మొత్తం రూ. 5,490 మంజూరు చేయవలసిందిగా మనవి.”

పట్టికలోని ధరలు ఇక్కడ ఉదాహరణకు వేసుకున్నవే. టీచరు మాత్రం దుకాణంలో అడిగి రాయాలి.

| వస్తువు, వివరం | కావాలి | ఉన్నవి | కొనాలి | ధర రూ. | మొత్తం రూ. |
|---|---|---|---|---|---|
| అమ్మీటరు, 0–500 మిల్లీ ఆంపియర్లు | 11 | 4 | 7 | 250 | 1,750 |
| వోల్టుమీటరు, 0–5 వోల్టులు | 11 | 5 | 6 | 250 | 1,500 |
| ప్లగ్ కీ | 11 | 3 | 8 | 60 | 480 |
| నిరోధం, 10 ఓంలు, 5 వాట్లు | 12 | 0 | 12 | 20 | 240 |
| మూడు సెల్‌ల హోల్డరు | 11 | 0 | 11 | 40 | 440 |
| డ్రై సెల్, 1.5 వోల్టులు | 36 | 0 | 36 | 20 | 720 |
| కనెక్షన్ వైరు, మీటర్లలో | 30 | 0 | 30 | 12 | 360 |
| మొత్తం | | | | | 5,490 |

వైరు 30 మీటర్లని ఊరికే వేయలేదు. ఒక్కో సెట్టుకు ఆరు ముక్కలు, ఒక్కోటి 40 సెంటీమీటర్లు. పది సెట్లకు 24 మీటర్లు అవుతుంది, మిగిలింది తెగిపోయేవాటికి.

ఇక్కడ అన్నిటికన్నా విలువైనది మొదటి గడి. అందులో ఉత్త “అమ్మీటరు” అని రాస్తే, తక్కువ కొటేషన్ ఇచ్చిన దుకాణం 0–3 ఆంపియర్ల మీటరు పంపవచ్చు. కాగితం ప్రకారం అది తప్పు సరుకు కాదు, తిరిగి పంపడానికి వీల్లేదు. ప్రయోగం మాత్రం సాగదు. 10 ఓంల నిరోధానికి ఒక సెల్ కలిపితే పారేది దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు, రెండు కలిపితే 300, మూడు కలిపితే 450. ఒక్కో చిన్న గీత 10 మిల్లీ ఆంపియర్లుండే మీటరులో ముల్లు 15, 30, 45 గీతల దగ్గర ఆగుతుంది. పిల్లలు చదివి గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ఒక్కో గీత 0.1 ఆంపియర్ ఉండే పెద్ద మీటరులో అదే ముల్లు గీతన్నర, మూడు, నాలుగున్నర దగ్గర ఆడుతుంది. తలా ఒకలా చదువుతారు. నాలుగో సెల్ కలిపితే మన చిన్న మీటరు హద్దు దాటిపోతుంది, అందుకే హోల్డరు మూడు సెల్‌లదే అడిగాం.

నిరోధం పక్కన 5 వాట్లు అని రాయడం కూడా అంతే ముఖ్యం. మూడు సెల్‌లు కలిపినప్పుడు దానిలో సుమారు రెండు వాట్లు వేడిగా మారతాయి. చవగ్గా దొరికే పావు వాటు నిరోధం పెడితే వాసన వచ్చి కాలిపోతుంది, చెయ్యి పెట్టిన పిల్లవాడికి చురుక్కుమంటుంది.

సెల్‌లు వాడి పారేసేవి కనుక వాటిని మీటర్ల రిజిస్టరులో కాక వినియోగ వస్తువుల రిజిస్టరులో ఎక్కించాలి. వచ్చే ఏడు మళ్లీ ఎందుకు అడుగుతున్నారో అప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. జూన్‌లోనే కొని బీరువాలో పెట్టకుండా, ప్రయోగం చేసే నెలలో తెప్పించమని ఉత్తరంలోనే అడగడం మంచిది. వచ్చిన రోజున ఒక్కో సెల్‌నూ వోల్టుమీటరుకు తగిలించి చూడాలి. కొత్తది 1.5 లేదా కాస్త ఎక్కువ చూపుతుంది. 1.2 దగ్గరే ఆగితే అది అప్పటికే అయిపోయిన సరుకు. బిల్లు మీద సంతకం పెట్టకముందే దాన్ని వెనక్కి పంపేయాలి.